బోర్డు మార్చి 18న మూసేద్దామంది. మార్చి 31 లెక్కల్లో 4.10 కోట్ల ప్రొవిజన్ పెట్టవచ్చా?

విభాగం: కంపెనీ లెక్కలు, ఆడిట్

---

గుజ్జు_ఖాతాలు · 6 మే 2025, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్లు చూస్తాను. మా షేర్లు మార్కెట్‌లో లేవు గానీ, మా మాతృసంస్థ షేర్లు ఉన్నాయి. అందువల్ల మా లెక్కలూ ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారమే రాస్తాం.

మాకు రెండు యూనిట్లు. ఒకటి ఇక్కడ, రెండోది కృష్ణగిరిలో. మార్చి 18న బోర్డు కూర్చుని, ఇక్కడి యూనిట్‌ను మూసేసి పనంతా కృష్ణగిరికి మార్చాలని తీర్మానించింది. మినిట్స్ మీద సంతకాలు అయ్యాయి. ఇక్కడ 64 మంది పర్మనెంటు కార్మికులు ఉన్నారు. ఏప్రిల్ 9న గేటు దగ్గర నోటీసు అంటించి వాళ్లకు చెప్పారు.

మా ఫైనాన్స్ హెడ్ 4.10 కోట్లకు ప్రొవిజన్ వేసి, అంటే రేపు ఇవ్వవలసినదాన్ని ఇప్పుడే బాధ్యతగా చూపి, 2024–25లోనే ఖర్చు రాయమంటున్నారు. ఆయన ఇచ్చిన కాగితంలో లెక్క ఇలా ఉంది: కార్మికుల పరిహారం 1.92 కోట్లు, కోల్డ్ స్టోరేజీ ఒప్పందం మధ్యలో వదులుకున్నందుకు జరిమానా 28 లక్షలు, యంత్రాలు కృష్ణగిరికి తరలించడానికి 45 లక్షలు, అక్కడికి వచ్చే సిబ్బందికి శిక్షణ 18 లక్షలు, మూసేలోపు రాబోయే నష్టం 75 లక్షలు, కొత్త సాఫ్ట్‌వేర్, పంపిణీ ఏర్పాట్లు 52 లక్షలు.

ఆడిటర్లు ఒక్క రూపాయి కూడా పెట్టకూడదంటున్నారు. "బోర్డు కంటే పెద్ద నిర్ణయం ఎవరిది? బోర్డు తేల్చాక ఇంకేం కావాలి?" అని మా సారు. మధ్యలో నలుగుతున్నది నేను. ఎవరిది సరి?

---

సీఏ_ఫైనల్_మూడోసారి · 6 మే 2025, రాత్రి 10.15

మీ సారు చెప్పిందే సరి అని నా అభిప్రాయం. ప్రొవిజన్‌కు మూడు కావాలి: గతంలో జరిగిన ఒక సంఘటన, డబ్బు బయటికి పోయే అవకాశం ఎక్కువగా ఉండటం, మొత్తాన్ని అంచనా వేయగలగడం. మార్చి 18 తీర్మానమే ఆ సంఘటన. డబ్బు పోతుందన్నది ఖాయం. మొత్తం కాగితం మీదే ఉంది.

పైగా ఏప్రిల్ 9 నోటీసు, మార్చి 31 నాటికే ఉన్న స్థితిని రుజువు చేస్తోంది కదా. కాబట్టి లెక్కల్లో సర్దవలసిన సంఘటనే అవుతుంది. నష్టం కనిపిస్తున్నప్పుడు ముందే రాసుకోవడం జాగ్రత్త కూడా.

---

పాత_ఆడిటరు · 7 మే 2025, ఉదయం 6.05

మూడోసారి గారూ, మీరు చెప్పిన మూడింటిలో మొదటిది పూర్తిగా చెప్పలేదు. జరిగిపోయిన సంఘటన ఏదో ఒకటి ఉంటే చాలదు. దానివల్ల ఇవాళ మోయవలసిన బాధ్యత పుట్టాలి. బాధ్యత అనగానే ఇవ్వవలసినవాడు ఒకడుంటే, రావలసినవాడు ఇంకొకడు ఉండాలి. మార్చి 31 రాత్రి ఆ 64 మందిలో ఒక్కరికైనా తమకు పరిహారం రావాలని తెలుసా? తెలియదు. ఏప్రిల్ 1న బోర్డు మళ్లీ కూర్చుని "ఈ ఏడాది కాయ బాగా వచ్చేలా ఉంది, ఇంకో సీజన్ నడుపుదాం" అని ఉంటే ఎవరైనా గేటు ముందు నిలబడి అడిగేవారా? మనసు మార్చుకుంటే అడిగేవాడే లేని చోట బాధ్యత ఎక్కడిది?

ఇది నా సొంత తర్కం కాదు. ఇండ్ ఏఎస్ 37లో 75వ పేరా నేరుగా ఈ మాటే అంటుంది. ఏడాది ముగిసేలోపు బోర్డు నిర్ణయం తీసుకున్నా, అదే గడువులోపు అమలు మొదలుపెట్టి ఉండాలి, లేదా ప్రభావితమయ్యేవాళ్లకు ముఖ్యాంశాలు చెప్పి ఉండాలి. ఆ రెండింటిలో ఏదీ లేకపోతే ప్రొవిజన్ లేదు.

దీనికి మూలమైన అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 37తో పాటు ఇచ్చిన ఉదాహరణలు చూడండి. డిసెంబరు 12న బోర్డు ఒక విభాగాన్ని మూయాలని నిర్ణయిస్తుంది, 31లోపు ఎవరికీ చెప్పదు. సమాధానం: ప్రొవిజన్ లేదు. దాని పక్కనే ఇంకొకటి. అందులో డిసెంబరు 20న వివరమైన ప్రణాళిక ఆమోదించి, ఖాతాదారులకు ఉత్తరాలు, సిబ్బందికి నోటీసులు పంపేశారు. సమాధానం: ప్రొవిజన్ ఉంది. రెండు కథల్లోనూ మూయాలన్న బోర్డు నిర్ణయం ఒక్కటే. అసలు తేడా తపాలాలో ఉంది.

ఇక సర్దవలసిన సంఘటన సంగతి. ఏప్రిల్ 9 నోటీసు పాత బాధ్యతను రుజువు చేయలేదు, కొత్త బాధ్యతను పుట్టించింది. పెద్ద పునర్వ్యవస్థీకరణను ఏడాది ముగిశాక ప్రకటిస్తే, అది సర్దకుండా వివరణలో మాత్రం చెప్పవలసిన సంఘటన అని ఇండ్ ఏఎస్ 10 తన ఉదాహరణల్లోనే చెబుతుంది.

---

గ్రానైట్_గిరి · 7 మే 2025, ఉదయం 8.30

నాదీ ఇదే బాధ. చిత్తూరు బైపాస్ దగ్గర చిన్న పాలిషింగ్ యూనిట్ ఉంది, 11 మంది పనివాళ్లు. నష్టం భరించలేక వచ్చే దసరాకు మూసేద్దామని మా తమ్ముడు, నేను అనుకున్నాం. ప్రైవేట్ లిమిటెడ్, డైరెక్టర్లం ఇద్దరమే. అనుకున్నామంటే బోర్డు తీర్మానమే. ఈ ఏడాది ఎలాగూ కొంచెం లాభం ఉంది, ఇప్పుడే ఖర్చు రాసేస్తే పన్ను తగ్గుతుంది కదా?

---

పాత_ఆడిటరు · 7 మే 2025, ఉదయం 8.52

గిరి గారూ, మీకు ఇండ్ ఏఎస్ వర్తించదు, పాత ఏఎస్ 29 వర్తిస్తుంది. అది ఈ విషయంలో ఇంకా గట్టిది. ఇండ్ ఏఎస్‌లో చట్టం కట్టబెట్టకపోయినా, మన మాట వల్లనో చేత వల్లనో మెడకు చుట్టుకునే బాధ్యతకు చోటుంది. ఏఎస్ 29 ఆ బాధ్యతను అలా విడిగా గుర్తించదు. అన్నదమ్ములు భోజనాల దగ్గర అనుకున్నదానికి ఏ లెక్కలోనూ స్థానం లేదు. పన్ను సంగతి మీ ఆడిటరుతో విడిగా మాట్లాడండి, ఈ చర్చ దారి తప్పుతుంది.

---

గ్రానైట్_గిరి · 7 మే 2025, ఉదయం 9.01

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా సంగతి. సరే సార్, వింటూ కూర్చుంటాను.

---

రేణిగుంట_హెచ్ఆర్ · 7 మే 2025, మధ్యాహ్నం 1.20

లెక్కల మనిషిని కాను గానీ రెండు యూనిట్ల మూతలు దగ్గరుండి చూశాను. పిల్లను ఫలానా వాళ్లకే ఇద్దామని అమ్మానాన్నా రాత్రి వంటింట్లో అనుకుంటారు. అంతవరకూ ఎవరికీ ఏమీ బాకీ లేదు. తాంబూలాలు పుచ్చుకున్నాక వద్దంటే మాత్రం పది మందికి సమాధానం చెప్పుకోవాలి. బోర్డు గది వంటింటి లాంటిదని నాకు అర్థమైంది. సరేనా పాత ఆడిటరు గారూ?

గుజ్జు ఖాతాలు గారిని ఒకటి అడగాలి. ఏప్రిల్ 9కి ముందు యూనియన్‌తో ఎవరూ మాట్లాడలేదా? 64 మంది ఉన్న చోట నేరుగా నోటీసు అంటించడం నేనెప్పుడూ చూడలేదు. ముందు నాయకుల్ని పిలిచి టీ ఇచ్చి మాట్లాడతారు. ఇంకొకటి, చట్టం ప్రకారం 50 మంది, ఆపైన ఉన్న యూనిట్ మూయాలంటే ప్రభుత్వానికి 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అది ఎప్పుడు ఇచ్చారు?

---

గుజ్జు_ఖాతాలు · 7 మే 2025, రాత్రి 8.45

మీరు అడిగాక మా హెచ్ఆర్ విభాగంలో విచారించాను. ప్రభుత్వానికి నోటీసు ఏప్రిల్ 11న వెళ్లింది. కానీ మార్చి 31కి ముందు జరిగినవి మూడు బయటపడ్డాయి. మా సారు వీటిని చూసి ఉత్సాహంగా ఉన్నారు.

ఒకటి, మార్చి 27న హెచ్ఆర్ మేనేజరు యూనియన్ నాయకులు ముగ్గురిని పిలిచి మాట్లాడారు. రెండు, మార్చి 29న డ్రమ్ముల్లో గుజ్జు నింపే యంత్రం ఒకటి విప్పి లారీలో కృష్ణగిరికి పంపారు. మూడు, ఈ సీజన్‌లో తోతాపురి కొనబోవడం లేదని మండీల వాళ్లకు రాసిన ఉత్తరం ఉంది. దాని మీద తేదీ మార్చి 30.

---

సీఏ_ఫైనల్_మూడోసారి · 7 మే 2025, రాత్రి 9.10

అదిగో! యంత్రాలు విప్పడం అమలు మొదలైందనడానికి సాక్ష్యమని స్టాండర్డే చెబుతుంది. 73వ పేరాలో ఉంది, నిన్న రాత్రే చదివాను. ఉద్యోగుల ప్రతినిధులకు చెప్పినా చాలని కూడా అందులోనే ఉంది. సర్దవలసిన సంఘటన అన్నది నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు మాత్రం ప్రొవిజన్ పెట్టాల్సిందే.

---

పాత_ఆడిటరు · 8 మే 2025, ఉదయం 6.20

మూడోసారి గారు పేరా సరిగ్గానే చదివారు. ఇప్పుడు చదవవలసింది పేరాను కాదు, కాగితాలను. ఒక్కొక్కటిగా చూద్దాం.

యంత్రంతో మొదలుపెడతాను. గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ దిగేది జూన్ నుంచి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏటా యంత్రాలు విప్పి తుడిచి బిగిస్తారు. ఒక యూనిట్‌లో యంత్రం చెడితే రెండో యూనిట్ నుంచి తెచ్చుకోవడమూ మామూలే. అందుకని ఆ లారీ ఎందుకు వెళ్లిందో చలాను చూసి చెప్పాలి. "తిరిగి వచ్చే సరుకు" అని రాశారా, ఆస్తుల రిజిస్టరులో శాశ్వతంగా కృష్ణగిరికి బదిలీ చేశారా? ఇంకొక మాట. ఎవరూ చూడకుండా, ఎవరికీ అర్థం కాకుండా ఒక్క యంత్రం కదిలితే కార్మికుడి మనసులో "మూసేస్తున్నారు" అన్న నమ్మకం పుడుతుందా? అమలు మొదలవడం అంటే బయటివాడికి వెనక్కి తిరగరని తెలిసేటంతగా మొదలవడం.

యూనియన్ మాట. ముగ్గురికి ఏం చెప్పారన్నదే ప్రశ్న. ఏ యూనిట్, ఎంతమంది, సుమారుగా ఎంత పరిహారం, ఎప్పుడు మూస్తారు, ఇవి చెప్పారా? లేక "పరిస్థితి బాగాలేదు, బోర్డు ఆలోచిస్తోంది" అన్నారా? మొదటిది ప్రకటన, రెండోది కబురు.

ఉత్తరం. దాని మీది తేదీకి విలువ లేదు. తపాలా రిజిస్టరు, రిజిస్టర్డ్ పోస్టు రసీదు చూడండి. రాసిన రోజు కాదు, అవతలివాడికి తెలిసిన రోజు లెక్క. ఇంకా ఒకటి గమనించారా? ఈ ఏడాది మార్చి 30 ఆదివారం. పైగా ఉగాది. ఆ రోజు మీ ఆఫీసులో ఉత్తరం టైపు చేసిన మహానుభావుడెవరో నాకు చూడాలని ఉంది.

---

మండీ_మామిడి · 8 మే 2025, ఉదయం 11.00

నాకు ఈ పేరాలు తెలియవు. దామలచెరువు వైపు మండీ నడుపుతాను. ఫ్యాక్టరీ మూసేస్తే మాకు పాత బకాయిలు ఇస్తారా ఇవ్వరా? ప్రొవిజన్ పెట్టకపోతే మా డబ్బు పోయినట్టేనా?

ఇంకో సంగతి. అక్కడ మూసేస్తున్నారని మా వైపు మార్చి మొదట్లోనే అందరికీ తెలుసు. లారీ డ్రైవర్లు చెప్పుకున్నారు. ఊరంతా తెలిశాక ఇంకా తెలియదని ఎలా అంటారు?

---

గుజ్జు_ఖాతాలు · 8 మే 2025, మధ్యాహ్నం 12.10

మండీ గారూ, మీ బకాయి వేరు, ఇది వేరు. మీరు కాయ వేశారు, మేము తూకం చీటీ ఇచ్చాం, బిల్లు పుస్తకంలో ఎక్కింది. అది ఇప్పటికే ఉన్న అప్పు. యూనిట్ మూసినా మూయకపోయినా ఇవ్వవలసిందే. ఈ ప్రొవిజన్‌తో దానికి సంబంధం లేదు.

---

పాత_ఆడిటరు · 8 మే 2025, మధ్యాహ్నం 12.40

మండీ గారి రెండో ప్రశ్న మాత్రం మంచిది. మార్చి మొదట్లోనే తెలుసన్నారు, బోర్డు కూర్చున్నది మార్చి 18న. అంటే బోర్డుకు తెలియకముందే డ్రైవర్లకు తెలిసింది! పుకారు నిజమే కావచ్చు, కానీ అది కంపెనీ నోటినుంచి వచ్చిన మాట కాదు. కంపెనీ అనని మాటకు కంపెనీని కట్టేయలేం. అదే ఫ్యాక్టరీ మేనేజరు మీ మండీకి వచ్చి "జూన్ నుంచి మేం కొనం, వేరే చోటు చూసుకోండి" అని స్పష్టంగా చెప్పి ఉంటే అప్పుడు ఆలోచించవలసిన విషయమే.

---

గుజ్జు_ఖాతాలు · 9 మే 2025, రాత్రి 9.30

కాగితాలు చూశాను. లారీ చలానులో "మరమ్మతు, తిరిగి పంపవలెను" అని ఉంది. ఆస్తుల రిజిస్టరులో బదిలీ నమోదు ఏప్రిల్ 15న జరిగింది.

ఉత్తరం సంగతి చెబితే నవ్వుతారు. తపాలా రిజిస్టరులో అది ఏప్రిల్ 4న, వరుసగా నాలుగు ఉత్తరాల మధ్యలో ఉంది. రిజిస్టర్డ్ పోస్టు రసీదు మీద కూడా 4వ తేదీ ముద్రే. టైపు చేసినాయనను అడిగితే "సారు మార్చి 30 అని వేయమన్నారు, వేశాను" అన్నాడు. ఏ సారు అని నేను అడగలేదు.

యూనియన్ సమావేశానికి మినిట్స్ లేవు. హెచ్ఆర్ మేనేజరు డైరీలో ఒక్క వాక్యం ఉంది: "యూనిట్ భవిష్యత్తు గురించి చెప్పాను, బయటికి చెప్పవద్దన్నాను." అంకెలు ఏమీ లేవు.

---

రేణిగుంట_హెచ్ఆర్ · 9 మే 2025, రాత్రి 10.05

"బయటికి చెప్పవద్దన్నాను" అన్న మాటే చాలు కదా. ఎవరికీ చెప్పవద్దని చెప్పిన మాట ప్రకటన ఎలా అవుతుంది?

అయినా నాకు ఒక అనుమానం మిగిలింది. ఆ ముగ్గురూ ఎన్నికైన ప్రతినిధులు. వాళ్లకు మూసేస్తున్నామని ఖాయంగా చెప్పి, "రేపు అందరికీ మేమే చెబుతాం, అంతవరకు ఆగండి" అని ఉంటే? రహస్యంగా ఉంచమన్నంత మాత్రాన వాళ్ల మనసులో నమ్మకం పుట్టదని అనగలమా? నేను చూసిన ఒక మూతలో యూనియన్‌తో పరిహారం రేటు కూడా తేలిపోయింది, బోర్డు ఆమోదం ఒక్కటే మిగిలింది. అలాంటప్పుడు బోర్డు సంతకం పెట్టిన రోజునే బాధ్యత పుట్టదా?

---

పాత_ఆడిటరు · 10 మే 2025, ఉదయం 6.15

మీరు చెప్పిన రెండోదానికి 76వ పేరాలో చోటుంది. చర్చలు ముగిసి, బోర్డు ఆమోదం ఒక్కటే మిగిలి, ఆ ఆమోదం వచ్చిందని అవతలివాళ్లకు తెలిస్తే బాధ్యత పుట్టినట్టే. అక్కడ కూడా తెలియజేయడం తప్పలేదు చూడండి.

మొదటిదాంట్లో మాత్రం నేను గట్టిగా చెప్పలేను. ప్రతినిధికి చెబితే చాలని స్టాండర్డ్ అంటుంది, రహస్యం అన్న మాట ఎత్తదు. ముఖ్యాంశాలన్నీ చెప్పి ఉంటే నేను ప్రొవిజన్ వైపే మొగ్గేవాణ్ని. నాతో పనిచేసినవాళ్లలో ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. ఈ కేసులో అంకెలే లేవు కనుక ఆ తగాదా ఇక్కడ అవసరం లేదు.

---

కాస్ట్_లెక్కల_కమల · 10 మే 2025, ఉదయం 10.30

అందరూ "ఎప్పుడు" అన్నదాని గురించే మాట్లాడుతున్నారు, "ఎంత" అన్నది ఎవరూ పట్టించుకోలేదు. ఒకవేళ మార్చి 29నే అందరికీ పద్ధతిగా చెప్పేశారనుకుందాం. అప్పుడైనా 4.10 కోట్లు నిలబడతాయా? నాకైతే సగానికి కాస్త పైన మాత్రమే కనిపిస్తోంది.

మూసేయడం వల్లే పుట్టి, ఇకముందు నడిచే పనికి ఉపయోగపడని ఖర్చు మాత్రమే ఇందులోకి వస్తుంది. కార్మికుల పరిహారం 1.92 కోట్లు వస్తుంది, కోల్డ్ స్టోరేజీ జరిమానా 28 లక్షలు వస్తుంది. రెండూ కలిపితే 2.20 కోట్లు. యంత్రాలు తరలిస్తున్నది కృష్ణగిరిలో నడపడానికే. శిక్షణ ఇస్తున్నది ఉద్యోగంలో కొనసాగేవాళ్లకు. సాఫ్ట్‌వేర్, పంపిణీ రేపటి వ్యాపారానికి. ఇవి జరిగినప్పుడు జరిగిన ఏడాదిలోనే రాసుకోవాలి. 75 లక్షల నష్టం ఇంకా రాలేదు, రాబోయే నష్టానికి బాకీదారుడు ఎవరూ లేరు.

1.92 కోట్లలో గ్రాట్యుటీ కూడా కలిపారేమో చూడండి. అది ఏటా లెక్కల్లో ఎక్కుతూనే ఉంటుంది. మళ్లీ కలిపితే రెండుసార్లు రాసినట్టు.

---

గుజ్జు_ఖాతాలు · 10 మే 2025, మధ్యాహ్నం 2.15

గ్రాట్యుటీ కలపలేదు, చూశాను. చట్టం ప్రకారం సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం, దానిపైన కంపెనీ ఇస్తానన్నది, రెండూ కలిపి మనిషికి సగటున 3 లక్షలు. 64 మందికి 1.92 కోట్లు.

మా సారు ఇంకో వాదన తెచ్చారు. ఫ్యాక్టరీ స్థలం అమ్మితే 6 కోట్ల లాభం వస్తుందట. "దాన్ని తీసేస్తే నికరంగా ఖర్చే ఉండదు, అయినా జాగ్రత్త కోసం ప్రొవిజన్ పెడుతున్నాం, ఆడిటర్లకు అభ్యంతరం ఎందుకు?" అంటున్నారు.

---

పాత_ఆడిటరు · 10 మే 2025, సాయంత్రం 5.50

స్థలం మీద రాబోయే లాభాన్ని ఇందులో తగ్గించకూడదు. అమ్మినప్పుడు అమ్మిన ఏడాదిలో చూపించాలి. కట్టుబడే కొనుగోలు ఒప్పందం లేనంతవరకు అది కూడా బోర్డు కల లాంటిదే.

మీ సారు అసలు ఉద్దేశం నాకు అర్థమైంది. 2024–25 ఎలాగూ మంచి ఏడాది కాదు, కాదా? పోయే ఖర్చంతా అందులోకే తోసేస్తే 2025–26 తేలిగ్గా ఉంటుంది. ప్రొవిజన్ కొంచెం ఎక్కువ పెడితే మిగిలినదాన్ని వచ్చే ఏడాది లాభంలోకి వదలవచ్చు. ఈ నిబంధన ఇంత బిగుతుగా ఉండటానికి కారణం సరిగ్గా ఇదే. 1990లలో కొత్త యాజమాన్యం రాగానే బోర్డు తీర్మానాన్ని ఆసరా చేసుకుని భారీ ప్రొవిజన్లు పెట్టడం చాలా దేశాల్లో అలవాటైంది. అమెరికాలో సన్‌బీమ్ అనే గృహోపకరణాల కంపెనీ కథ చదవండి. 1996 చివర తగని రిజర్వులు 3.5 కోట్ల డాలర్ల మేర పెట్టిందనీ, 1997లో చూపిన 18.9 కోట్ల డాలర్ల లాభంలో కనీసం 6 కోట్లు మోసపు లెక్కల నుంచి వచ్చినవేననీ అక్కడి సెక్యూరిటీల నియంత్రణ సంస్థ 2001లో ఆరోపించింది. ఐఏఎస్ 37 వచ్చింది 1998లో. మన ఇండ్ ఏఎస్ 37 దాని బిడ్డే.

జాగ్రత్త పేరుతో ముందే రాయడం జాగ్రత్త కాదు. రేపటి లాభాన్ని ఇవాళ దాచుకోవడం.

---

సీఏ_ఫైనల్_మూడోసారి · 10 మే 2025, రాత్రి 8.30

అయితే బోర్డు నిర్ణయం మార్చి 31 లెక్కలను అసలు తాకనే తాకదా? తీర్మానం చేసి కూడా ఏమీ జరగనట్టు లెక్కలు మూసేయవచ్చా?

---

పాత_ఆడిటరు · 10 మే 2025, రాత్రి 9.00

ఇది మీ అన్ని ప్రశ్నల్లోకీ మంచి ప్రశ్న. తాకుతుంది, అటు వైపు నుంచి. బాధ్యతల వైపు కాదు, ఆస్తుల వైపు. ఒక యూనిట్‌ను మూసే ఆలోచన ఉండటమే ఆస్తుల విలువ తగ్గిందేమో పరీక్షించమనడానికి సూచన అని ఇండ్ ఏఎస్ 36 చెబుతుంది. ఆలోచనకు అవతలి మనిషి అవసరం లేదిక్కడ. భవనాలు, బాయిలర్, మురుగునీటి శుద్ధి ప్లాంటు ఇంకా 12 ఏళ్లు వాడతామని తరుగుదల వేస్తూ, సీజన్ రాకముందే మూసేస్తామని తీర్మానిస్తే ఆ 12 ఏళ్లు ఇక నిలవవు.

గుజ్జు ఖాతాలు గారూ, ఆ ప్లాంటు, భవనాల పుస్తక విలువ ఎంత?

---

గుజ్జు_ఖాతాలు · 10 మే 2025, రాత్రి 9.25

స్థలం మినహా 7.40 కోట్లు. ఇది మా సారుకు చెప్పాలంటే భయంగా ఉంది. ప్రొవిజన్ వద్దంటూనే నష్టం రాయమంటున్నారన్నమాట.

---

కాస్ట్_లెక్కల_కమల · 10 మే 2025, రాత్రి 9.50

భయపడకండి, నష్టం ఉండకపోవచ్చు కూడా. ఆ యూనిట్‌ను మొత్తంగా చూడాలి, స్థలంతో కలిపి. స్థలం మీద 6 కోట్ల లాభం వస్తుందని మీ సారే అన్నారు. అంటే స్థలం మార్కెట్ విలువ పుస్తక విలువకు బాగా పైన ఉంది. ప్రొవిజన్‌లో తగ్గించుకోవడానికి పనికిరాని ఆ 6 కోట్లు, యూనిట్ మొత్తం విలువ నిలబడటానికి పనికొస్తాయి. అయినా భవనాల మిగిలిన ఆయుష్షును తగ్గించి తరుగుదల పెంచవలసి వస్తుంది.

---

పాత_ఆడిటరు · 11 మే 2025, ఉదయం 6.10

కమల గారి దారి సరైనదే. కానీ విప్పి కృష్ణగిరికి తీసుకుపోయే యంత్రాలను మార్చి 31న ఏ యూనిట్ కింద చూడాలి అన్నదాంట్లో నాకు అనుమానం ఉంది. స్థలం ధర కూడా "వస్తుందట" అన్న మాటతో సరిపోదు. వాల్యుయర్ రిపోర్టు కావాలి. చిత్తూరు చుట్టుపక్కల స్థలాల ధరలు చెప్పుకునేదానికీ, రిజిస్ట్రేషన్ కాగితంలో కనిపించేదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఈ వేదికలో అందరికీ తెలుసు.

---

గుజ్జు_ఖాతాలు · 14 మే 2025, రాత్రి 10.10

తరువాతి సంగతులు. మొన్న ఆడిటర్లు, మా సారు, నేను కూర్చున్నాం. తపాలా రసీదు బల్ల మీద పెట్టాను. మా సారు దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, కళ్లజోడు తీసి, "సరే, ప్రొవిజన్ వద్దు" అన్నారు. ఉత్తరం మీది తేదీ గురించి ఎవరూ ఏమీ అనలేదు. 2.20 కోట్లు ఏప్రిల్–జూన్ లెక్కల్లో వస్తాయి.

మార్చి 31 లెక్కల వివరణలో ఈ ముక్క చేర్చాం, చూసి చెప్పండి: "2025 మార్చి 18న బోర్డు చిత్తూరు యూనిట్ మూసివేతకు ఆమోదం తెలిపింది. ఈ నిర్ణయాన్ని ఉద్యోగులకు 2025 ఏప్రిల్ 9న తెలియజేశారు. సుమారు 2.20 కోట్ల రూపాయల ఖర్చు కాగలదని అంచనా. 2025 మార్చి 31 నాటికి బాధ్యత ఏర్పడనందున ప్రొవిజన్ చేయలేదు."

విలువ తగ్గుదల సంగతి ఇంకా తేలలేదు. వాల్యుయర్ వచ్చే గురువారం వస్తానన్నాడు.

---

పాత_ఆడిటరు · 15 మే 2025, ఉదయం 6.00

"కాగలదని అంచనా" పక్కన దేనికెంతో కూడా రాయండి, పరిహారం ఇంత, జరిమానా ఇంత అని. వాల్యుయర్ వచ్చినప్పుడు యంత్రాల జాబితా విడిగా ఇవ్వండి. వెళ్లేవి ఏవి, ఉండేవి ఏవి.

---

మండీ_మామిడి · 15 మే 2025, ఉదయం 9.15

గుజ్జు ఖాతాలు గారూ, కృష్ణగిరి యూనిట్ ఈ ఏడాది మా వైపు కాయ తీసుకుంటుందా? లారీ బాడుగ ఎవరు పెట్టుకుంటారు?